పల్చటి గాలిలో బీపీ బిళ్ల: సుదూర విమానయానం, ఎత్తయిన కొండల నడక

రక్తపోటుకు మందు వాడుతున్నవారు సుదూర విమానం ఎక్కినా, మూడు వేల మీటర్లకు పైబడిన కొండల్లో నడిచినా వారి ఒంటికి ఎదురయ్యే మార్పు ఒకటే. పీల్చే గాలి పల్చబడుతుంది. విమానంలో ఈ పల్చదనం కొద్దిగా ఉంటుంది, కొన్ని గంటల్లో తీరిపోతుంది. కొండమీద ఎక్కువగా ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ పెరుగుతూ రోజుల తరబడి వెంట ఉంటుంది. అందుకే జాగ్రత్తలు రెండు చోట్లా ఒకటి కావు. విమాన ప్రయాణంలో బిళ్లను ఏ వేళకు వేసుకోవాలన్నది పెద్ద ప్రశ్న. కొండమీద ఆ బిళ్ల ఎంత ఎత్తు వరకు పనిచేస్తుందన్నది పెద్ద ప్రశ్న.

తెలుగువారికి ఈ రెండు ప్రయాణాలూ ఇప్పుడు కొత్తవి కావు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల్లో చాలామంది అరవై దాటినవారు, వారిలో బీపీ బిళ్ల వేసుకునేవారు తక్కువేమీ కాదు. కేదార్‌నాథ్, అమర్‌నాథ్ యాత్రలకు వెళ్లే పెద్దలు, లేహ్‌కు వెళ్లే కుటుంబాలు, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా నడిచి రావాలనుకునే నడివయసు ఉద్యోగులు కూడా ఎక్కువవుతున్నారు.

గాలి పల్చబడితే ఒంట్లో జరిగేది

ఎంత ఎత్తుకు వెళ్లినా గాలిలో ఆక్సిజన్ పాలు మారదు, దాదాపు 21 శాతమే ఉంటుంది. మారేది గాలి ఒత్తిడి. సముద్రమట్టంతో పోలిస్తే 2,400 మీటర్ల దగ్గర అది నాలుగింట మూడు వంతులకు దిగుతుంది. 5,400 మీటర్ల దగ్గర సగానికి కాస్త పైన మిగులుతుంది. ఒత్తిడి తగ్గిన మేరకు ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది.

మెడలో, మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని రెండుగా చీలే చోట, రక్తంలోని ఆక్సిజన్‌ను కనిపెట్టి ఉండే చిన్న కణజాలపు ముద్ద ఉంటుంది. ఆక్సిజన్ తగ్గిందని అది గుర్తించగానే ఊపిరి వేగం పెరుగుతుంది. దాంతోపాటు సింపథెటిక్ నాడులు రేగుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, చిన్న రక్తనాళాలు బిగుసుకుంటాయి. మొదటి గంటల్లో ఆక్సిజన్ తగ్గడం వల్ల రక్తనాళాలు కొంత వదులయ్యే గుణం కూడా పనిచేస్తుంది కాబట్టి బీపీ పెద్దగా పెరగకపోవచ్చు. రోజులు గడిచేకొద్దీ బిగువుదే పైచేయి అవుతుంది. చలి, నడక శ్రమ, సరిగా పట్టని నిద్ర దీనికి తోడవుతాయి. మామూలుగా రాత్రి నిద్రలో బీపీ పగటికన్నా తగ్గాలి. ఎత్తు ప్రదేశాల్లో ఆ తగ్గుదల చాలామందిలో కనిపించదు.

విమానంలో: పెరగడం కన్నా పడిపోవడమే ఎక్కువ

విమానం పదకొండు, పన్నెండు వేల మీటర్ల ఎత్తున ఎగురుతున్నా లోపల గాలిని ఒత్తిపెట్టి ఉంచుతారు. మామూలు పరిస్థితిలో క్యాబిన్ లోపలి ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తుకు, అంటే సుమారు 2,400 మీటర్ల ఎత్తుకు సమానమైన స్థాయి కంటే పల్చబడకూడదన్నది నియమం. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 వంటి కొత్త విమానాల్లో అది ఆరు వేల అడుగుల దగ్గరే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో ఆక్సిజన్ శాతం అక్కడ తొంభైల మొదటి అంకెలకు దిగుతుంది. బీపీ అదుపులో ఉన్న మనిషి ఇంతమాత్రానికి భయపడనక్కర్లేదు. కొన్ని పాయింట్లు పెరిగినా దాని వల్ల ప్రమాదం రాదు.

ప్రయాణికులు బీపీ పెరుగుతుందేమోనని భయపడతారు గానీ, విమానంలో ఎక్కువగా జరిగేది దానికి ఎదురు. గగనతలంలో తలెత్తే వైద్య అవసరాలపై 2013లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ పరిశీలనలో మూడో వంతుకు పైగా కేసులు కళ్లు తిరిగి పడిపోవడం, లేదా పడిపోబోవడం. ఇలా కావడానికి కారణాలన్నీ ఒకేచోట పోగుపడతాయి. క్యాబిన్ గాలిలో తేమ పది, ఇరవై శాతమే ఉంటుంది. గంటల తరబడి కూర్చుంటే రక్తం కాళ్లలో నిలుస్తుంది. భోజనం కాగానే పేగుల వైపు రక్తం మళ్లుతుంది. కాస్త వైన్ తాగితే రక్తనాళాలు వదులవుతాయి. దీనిపైన బీపీ బిళ్ల పనిచేస్తూ ఉంటుంది. నిద్రలోంచి లేచి గబగబా బాత్రూమ్ వైపు నడిచే అరవై ఏళ్ల మనిషికి కళ్లు బైర్లు కమ్మడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కాబట్టి సీట్లోంచి లేచేముందు పాదాలను పదిపదిహేనుసార్లు పైకీ కిందికీ ఆడించాలి, సీటు అంచున ఒక నిమిషం కూర్చుని అప్పుడు లేవాలి. కళ్లు తిరిగితే నిలబడి ఓర్చుకోవాలని చూడకుండా అక్కడే కింద కూర్చోవాలి. వీలుంటే పడుకుని కాళ్లు ఎత్తిపెట్టాలి. మద్యం ఆ ఒక్కరోజూ మానేయడం మంచిది. నీళ్లు లెక్కపెట్టుకుని లీటర్ల కొద్దీ తాగనవసరం లేదు, దాహం తెలియకుండా మధ్యమధ్య తాగితే చాలు.

బాత్రూమ్‌కు మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్లు మానేసేవారు, హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ వంటి మూత్రం ఎక్కువ చేసే మందును ఆరోజు ఎగ్గొట్టేవారు ఉన్నారు. నీళ్లు మానడం కచ్చితంగా తప్పు. ఆ మందును కొన్ని గంటలు వెనక్కి జరుపుకోవడంలో మాత్రం తప్పులేదు, దాని సంగతి ముందుకు వెళ్లాక వస్తుంది.

కాళ్ల వాపు గురించి ఒక మాట. ఆమ్లోడిపిన్ వాడేవారికి చీలమండల దగ్గర వాపు రావడం మామూలే. కదలకుండా కూర్చుంటే అది ఇంకాస్త పెరుగుతుంది. రెండు కాళ్లూ సమానంగా వాచి, నొప్పి లేకుండా, రాత్రి పడుకుని లేచేసరికి తగ్గితే కంగారు అక్కర్లేదు. ఒక్క పిక్కే వాచి, నొక్కితే నొప్పి పుట్టి, వేడిగా ఉంటే అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. దిగిన కొన్ని రోజుల తర్వాత కూడా ఇది బయటపడుతుంది. దాంతోపాటు ఆయాసమో, ఛాతీలో పోటో వస్తే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాల్సిందే. నాలుగు గంటలకు మించిన ప్రయాణాల్లో ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. అయినా మొత్తం మీద అది ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేంత అరుదైనది.

హైదరాబాద్ నుంచి డాలస్: బిళ్ల వేళ ఎలా మారాలి

విమాన ప్రయాణంలో బీపీ అదుపు తప్పడానికి గాలి పల్చదనం కన్నా గడియారమే పెద్ద కారణం. ఒక ఉదాహరణను గంటల లెక్కతో చూద్దాం. అరవై నాలుగేళ్ల విశ్రాంత ఉపాధ్యాయిని రోజూ ఉదయం ఎనిమిదింటికి టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు వేసుకుంటారు. వేసవిలో దోహా మీదుగా డాలస్ వెళుతున్నారు. అప్పుడు డాలస్ మన సమయానికి పదిన్నర గంటలు వెనక ఉంటుంది.

శనివారం ఉదయం ఎనిమిదింటికి ఇంట్లో బిళ్ల వేసుకున్నారు. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాద్‌లో విమానం ఎక్కారు. మన సమయం ఎనిమిదయ్యేసరికి దోహా చేరబోతున్నారు. చేతిగడియారాన్ని అప్పటిదాకా మన సమయంలోనే ఉంచుకుంటే ఈ బిళ్ల మరిచిపోయే అవకాశం ఉండదు. దోహాలో దిగి టిఫిన్‌తోపాటు వేసుకుంటే సరిపోతుంది. అక్కడినుంచి పదహారు గంటల ప్రయాణం. డాలస్‌లో దిగేసరికి అక్కడ ఆదివారం సాయంత్రం నాలుగు, ఇక్కడ సోమవారం తెల్లవారుజామున రెండున్నర.

చాలామంది తడబడేది ఇక్కడే. ఉదయం దారిలో వేసుకున్నట్టు గుర్తున్నా, ఊరు మారింది, రోజు మళ్లీ మొదలైందనిపించి దిగగానే ఇంకో బిళ్ల వేసుకుంటారు. లేకపోతే రెండు రోజులపాటు ఏ పూట ఏది వేసుకున్నారో తెలియక ఏదీ వేసుకోరు. నిజానికి ముందు బిళ్ల వేసుకుని ఇరవై నాలుగు గంటలు నిండేది డాలస్‌లో ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు. ఆ వేళకు, పడుకోబోయే ముందు వేసుకుంటే లెక్క కచ్చితంగా కుదురుతుంది. ఆ తర్వాత అక్కడున్నన్నాళ్లూ రాత్రి తొమ్మిదిన్నరకే కొనసాగించవచ్చు. ఉదయం వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం వంటివాటిలో తేడా రాలేదని ఇరవై ఒక్క వేల మందికి పైగా పాల్గొన్న టైమ్ అనే బ్రిటిష్ పరిశోధన 2022లో తేల్చింది. తిరిగి వచ్చాక అదే బిళ్ల మళ్లీ మన ఉదయానికి వచ్చి కూర్చుంటుంది.

అదే బిళ్లలో మూత్రం ఎక్కువ చేసే మందు కూడా కలిసి ఉంటే రాత్రి వేసుకోవడం ఇబ్బంది. నిద్రలో లేవాలి, కొత్త ఇంట్లో చీకట్లో నడవాలి, వయసు మీదపడినవారికి అది పడిపోయే దారి. అలాంటివారు సోమవారం ఉదయం ఎనిమిది వరకు ఆగి వేసుకోవచ్చు. అప్పటికి రెండు బిళ్లల మధ్య ముప్పై నాలుగున్నర గంటలు గడుస్తాయి. టెల్మిసార్టాన్ ప్రభావం ఒక రోజంతా ఉంటుంది. ఆమ్లోడిపిన్, క్లోర్‌థాలిడోన్ ఇంకా ఎక్కువసేపు ఒంట్లో నిలుస్తాయి. ఇలాంటి మందులకు ఒక్కసారి పది గంటలు ఆలస్యమైతే బీపీ కొంచెం పెరగవచ్చు, అంతకుమించి ఏమీ కాదు. పన్నెండు గంటల్లో రెండు బిళ్లలు వేసుకోవడం కన్నా ఈ ఆలస్యమే మేలు.

అయితే అన్ని మందులూ ఇంత ఓపిక పట్టవు. క్లోనిడిన్ ఒకటి రెండు పూటలు తప్పినా బీపీ ఒక్కసారిగా పైకి తన్నుతుంది. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి బీటా బ్లాకర్లను హఠాత్తుగా ఆపితే గుండె దడ పెరుగుతుంది. గుండెజబ్బు కూడా ఉన్నవారికి అది మరీ ప్రమాదం. వీటి విషయంలో ఊరి సమయాన్ని పట్టించుకోకుండా గంటల ఎడం తప్పకూడదు. రోజుకు రెండుసార్లు వేసుకునేవారికి అమెరికా ప్రయాణం ఒక విధంగా తేలిక. ఇక్కడి ఉదయం ఎనిమిది అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, ఇక్కడి రాత్రి ఎనిమిది అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. పగలూ రాత్రీ తారుమారయ్యాయే గానీ బిళ్లలు పడే వేళలు దాదాపు అవే.

బిళ్లలన్నీ చేతిసంచిలోనే ఉండాలి. కింద వేసే సూట్‌కేసు ఒక రోజు ఆలస్యంగా వస్తే బీపీ అంతసేపు ఆగదు. స్ట్రిప్పులు కత్తిరించకుండా, డాక్టర్ చీటీతో కలిపి పెట్టుకోవాలి. చీటీలో కంపెనీ పేరు కాక మందు అసలు పేరు, మోతాదు ఉండాలి. మన దుకాణాల్లో మనకు అలవాటైన బ్రాండు పేర్లు అమెరికాలో ఎవరికీ తెలియవు, మన డాక్టర్ రాసిన చీటీకి అక్కడి ఫార్మసీలు సాధారణంగా మందు ఇవ్వవు. అందుకే ఉండే రోజులకు సరిపడా తీసుకెళ్లడం, ఎన్నాళ్లకు సరిపడా అనుమతిస్తారో ఆ దేశపు నియమం ముందే చూసుకోవడం అవసరం.

అక్కడ దిగాక మొదటి వారంలో బీపీ కాస్త ఎక్కువ కనబడితే మందు పెంచే ముందు నిద్ర, ఉప్పు సంగతి చూడాలి. విమానంలో పెట్టే భోజనంలోనూ ఉప్పు ఎక్కువే. సూట్‌కేసులో వెళ్లిన ఆవకాయ, గోంగూర, వడియాలు మొదటి పది రోజులూ పండగలా పళ్లెంలో ఉంటాయి. జలుబు చేసిందని అక్కడి దుకాణంలో కొనే బిళ్లల్లో సూడోఎఫెడ్రిన్, ఫినైల్‌ఎఫ్రిన్ ఉంటే అవి ముక్కుతోపాటు ఒంటి రక్తనాళాలనూ బిగిస్తాయి. డబ్బా మీద ఆ పేర్లు కనిపిస్తే పక్కన పెట్టేయాలి.

కొండమీద: ఒక ఎత్తు దాటితే మందు చేతులెత్తేస్తుంది

కొండమీద బీపీ గురించి ఈ రోజు మనకు తెలిసినదానిలో చాలాభాగం ఇటలీ పరిశోధకుల హైకేర్ అనే వరుస అధ్యయనాల నుంచి వచ్చింది. వాటిలో ఒకటి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలోనే జరిగింది. బీపీ లేని నలభై ఏడుగురు ఆరోగ్యవంతులను తీసుకుని సగంమందికి టెల్మిసార్టాన్ 80 మిల్లీగ్రాములు, మిగతావారికి మందులేని బిళ్ల ఇచ్చారు. ఇరవై నాలుగు గంటలూ బీపీ కొలిచే పట్టీలు కట్టి కింద, సుమారు 3,400 మీటర్ల నామ్చేలో, సుమారు 5,400 మీటర్ల బేస్ క్యాంప్‌లో కొలిచారు. 2014లో వెలువడిన ఫలితం చూస్తే, బేస్ క్యాంప్‌లో రోజంతటి సగటు పై అంకె సుమారు పద్నాలుగు పాయింట్లు, కింది అంకె పది పాయింట్లు పెరిగింది. పన్నెండు రోజులు అక్కడే ఉన్నా తగ్గలేదు. టెల్మిసార్టాన్ కిందా, నామ్చేలోనూ బీపీని తగ్గించింది. బేస్ క్యాంప్‌లో మాత్రం దాని ప్రభావం కనబడలేదు.

దీనికి కారణం ఉంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ వంటివి మూత్రపిండాల నుంచి మొదలయ్యే రెనిన్ అనే గొలుసును అడ్డుకుని బీపీ తగ్గిస్తాయి. చాలా ఎత్తుకు వెళ్లినప్పుడు ఒళ్లు ఆ గొలుసును తనంతట తానే మందగింపజేస్తుంది. బీపీని పెంచేది అప్పుడు నాడుల ఉద్రేకం. దారి మారిపోయాక పాత దారిలో కాపలా కాసి లాభం ఏముంటుంది?

ఆండీస్ పర్వతాల్లో, పెరూలోని 3,260 మీటర్ల వాన్‌కాయో పట్టణంలో ఇదే బృందం చేసిన అధ్యయనం బీపీ ఉన్నవారిపైనే జరిగింది. కొద్దిపాటి బీపీ ఉన్న వందమందిలో మందు లేనివారికి రోజంతటి పై అంకె సుమారు పదకొండు పాయింట్లు పెరిగింది. టెల్మిసార్టాన్‌తోపాటు నెమ్మదిగా కరిగే నిఫెడిపిన్ వేసుకున్నవారికి కూడా ఎత్తు వల్ల కొంత పెరిగింది గానీ, వారు మొదలుపెట్టిందే తక్కువ అంకె నుంచి కాబట్టి కొండమీద కూడా మిగతావారికన్నా చాలా కింద ఉన్నారు. నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ రక్తనాళపు గోడను నేరుగా వదులు చేస్తాయి. నా దృష్టిలో ఈ రెండు అధ్యయనాల నుంచి ట్రెక్కర్ నేర్చుకోవాల్సింది ఒక్కటే. కొండమీద పెరగబోయే పది, పదిహేను పాయింట్లకు చోటు కిందే ఉంచుకుని బయలుదేరాలి. ఎక్కాక సర్దుకుందాం అనుకుంటే కుదరదు.

బీటా బ్లాకర్ల కథ వేరు. ఎక్కేటప్పుడు తక్కువ ఆక్సిజన్‌తో పని జరగాలంటే గుండె వేగం పెరగాలి. అటెనొలాల్, మెటొప్రొలాల్, కార్వెడిలాల్ ఆ వేగానికి కళ్లెం వేస్తాయి. ఆల్ప్స్‌లో 4,559 మీటర్ల ఎత్తున ఉన్న మార్గరీటా గుడిసెలో కార్వెడిలాల్‌ను, నెబివొలాల్‌ను పోల్చి చూస్తే, నడిచే సత్తువను, ఆక్సిజన్ స్థాయిని కార్వెడిలాల్ ఎక్కువగా దెబ్బతీసింది, నెబివొలాల్‌తో ఇబ్బంది తక్కువ. చలిలో వేళ్లు తిమ్మిరెక్కడం కూడా పాత బీటా బ్లాకర్లతో ఎక్కువ. అలాగని ఎవరూ సొంతంగా ఆపకూడదు. గుండెపోటు వచ్చినవారికి ఆ బిళ్ల బీపీ కోసం కాక గుండె కోసం ఇచ్చి ఉండవచ్చు. మార్చాలా వద్దా అన్నది ప్రయాణానికి నెలన్నర ముందు డాక్టర్‌తో తేల్చుకోవాలి.

లుక్లా నుంచి బేస్ క్యాంప్ దాకా ఒక ఉదాహరణ

యాభై ఆరేళ్ల ఉద్యోగి ఒకరు టెల్మిసార్టాన్ 40 వాడుతున్నారనుకుందాం. ఇంట్లో వారంపాటు ఉదయం సాయంత్రం కొలిస్తే సగటు 136/86. ఊళ్లో ఉన్నంతవరకు ఈ అంకె ఓ మాదిరిగా సరే. కొండకు అది సరిపోదు, ఎందుకంటే పైన పదిహేను కలిస్తే 150 దాటుతుంది, నడక శ్రమలో ఇంకా పైకి పోతుంది. డాక్టర్ ఆరు వారాల ముందు ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు కలిపారు. ఆమ్లోడిపిన్ పూర్తి బలం చూపడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి దాన్ని దారిలో మొదలుపెట్టి ప్రయోజనం లేదు. నెల తర్వాత ఇంటి సగటు 124/78. కళ్లు తిరగడం లేదు, చీలమండల్లో స్వల్పంగా వాపు ఉంది. ఇక బయలుదేరవచ్చు. అప్పటికీ 160/100 దాటి ఉంటే ఆ ఏడాదికి ట్రెక్ వాయిదా వేసుకోవడమే సరైన నిర్ణయం అయ్యేది.

కాఠ్మాండూ 1,400 మీటర్లు. అక్కడినుంచి చిన్న విమానంలో 2,860 మీటర్ల లుక్లా, ఆ రాత్రి కాస్త దిగువన 2,610 మీటర్ల ఫాక్‌డింగ్. మర్నాడు 3,440 మీటర్ల నామ్చే, అక్కడ రెండు రాత్రులు. తర్వాత 3,860 మీటర్ల తెంగ్‌బోచే, 4,410 మీటర్ల డింగ్‌బోచేలో మళ్లీ రెండు రాత్రులు, ఆపైన 4,940 మీటర్ల లోబుచే, 5,160 మీటర్ల గోరక్‌షెప్, చివరకు 5,364 మీటర్ల బేస్ క్యాంప్. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు సుమారు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తున ఇంకో రాత్రి గడపాలని నియమం. ఇది బీపీ ఉన్నవారికే ప్రత్యేకం కాదు, అందరిదీ. బీపీ ఉన్నవారు ఈ రోజుల లెక్కను కుదించడానికి ఒప్పుకోకూడదు.

బీపీ మెషీన్‌ను ఆ ఉద్యోగి రోజుకు ఒక్కసారే, ఉదయం, బిళ్లకు ముందు వాడతాడు. చలికి ముడుచుకుపోయిన చేతికి కట్టు బిగిస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. అందుకే లోపల కూర్చుని, ఒళ్లు వెచ్చబడ్డాక, ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండి రెండుసార్లు కొలిచి సగటు రాసుకుంటాడు. ఎక్కి వచ్చిన వెంటనే కొలవడు. నామ్చేలో రెండో ఉదయం 136/84, డింగ్‌బోచేలో 144/90, లోబుచేలో 152/94. అంకెలు పెరుగుతున్నా మందు మార్చలేదు. బయలుదేరేముందే డాక్టర్ ఇలా రాసిచ్చారు: 160 వరకు ఏమీ చేయనవసరం లేదు. 160 నుంచి 180 మధ్య రెండు ఉదయాలు వరుసగా వస్తే పైకి ఎక్కడం ఆపి అక్కడే ఉండాలి. విశ్రాంతిలో కూడా 180/120 దాటి మళ్లీమళ్లీ వస్తే, లేదా అంకె ఎంతైనా ఛాతీ నొప్పి, కూర్చున్నా తగ్గని ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, తికమక, ఒకవైపు చేయి కాలు పట్టు తప్పడం కనబడితే, వెంటనే కిందికి దిగాలి. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ సీజన్‌లో ఫెరిచేలో నడిపే చికిత్సా కేంద్రం డింగ్‌బోచే పక్క లోయలోనే ఉంది.

గోరక్‌షెప్ చేరిన సాయంత్రం తలనొప్పి మొదలైంది, ఆకలి లేదు, కడుపులో తిప్పుతోంది. కొలిస్తే 160/98. ఇక్కడ తేలిగ్గా జరిగే పొరపాటు, ఈ తలనొప్పి బీపీ వల్లే అనుకుని ఇంకో టెల్మిసార్టాన్ మింగడం. ఎత్తున వచ్చే తలనొప్పికి వికారం, నీరసం తోడైతే అది పర్వతవ్యాధి. బీపీ అంకె దానితోపాటు పెరుగుతుంది, దానికి కారణం కాదు. అదనపు బిళ్ల తలనొప్పిని తగ్గించదు, రాత్రి లేచినప్పుడు మనిషిని పడేయగలదు. అతను పారాసెటమాల్ వేసుకుని, మర్నాడు బేస్ క్యాంప్‌కు వెళ్లకుండా లోబుచేకు దిగాడు. సాయంత్రానికి తలనొప్పి పోయింది, 148/90. తలనొప్పి తగ్గకపోయినా, నడకలో తూలినా లోబుచేలో ఆగకుండా ఇంకా కిందికి దిగాల్సిందే.

లుక్లా, నామ్చే, ఫెరిచేల దగ్గర ట్రెక్కర్ల బీపీ కొలిచిన ఒక పరిశీలనలో మనిషికీ మనిషికీ చాలా తేడా కనిపించింది. కొందరికి అంకెలు చాలా ఎక్కువగా ఉన్నా ఏ లక్షణమూ లేదు. కాబట్టి పక్కవాడి అంకెతో పోల్చుకోవడానికి ఏమీ లేదు. సొంత అంకె రోజురోజుకీ ఎటు పోతోందన్నదే చూడాలి.

సంచిలో పక్కన పడే ఇతర బిళ్లలు

డయామాక్స్‌గా అందరూ పిలిచే ఎసిటజోలమైడ్‌ను పర్వతవ్యాధి రాకుండా ఎక్కడానికి ముందురోజు నుంచి 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు వాడతారు. ఎత్తున ఇది బీపీని కూడా కాస్త తగ్గిస్తుంది, అది మేలే. కానీ అది కూడా మూత్రం పెంచే మందే. హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతున్నవారు దీన్ని కలిపితే నీరు, పొటాషియం రెండూ తగ్గిపోయి కాళ్ల పిక్కలు పట్టేయడం, నీరసం, లేవగానే తూలడం కనిపిస్తాయి. ఇలాంటివారికి ట్రెక్ రోజుల్లో ఏది ఉంచాలో ఏది ఆపాలో డాక్టర్ ముందే నిర్ణయించాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి చెప్పాలి.

మోకాళ్ల నొప్పికి చాలామంది వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఉప్పును, నీటిని ఒంట్లో నిలిపి బీపీ పెంచుతాయి. టెల్మిసార్టాన్ ఒకటి, మూత్రం పెంచేది ఒకటి, దానిపై ఈ నొప్పి బిళ్ల, పైగా నీళ్లు సరిగా తాగని ఒళ్లు: ఈ నాలుగూ కలిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మూత్రం బాగా తగ్గి ముదురు రంగులో వస్తే అది మొదటి సూచన. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున టెల్మిసార్టాన్, మూత్రం పెంచే మందు తాత్కాలికంగా ఆపాలా అన్నది ముందే డాక్టర్‌ను అడిగి రాయించుకోవాలి, ఎందుకంటే దారిలో ఆ వ్యాధి ఎవరికో ఒకరికి వస్తుంది.

ఊపిరితిత్తుల్లో నీరు చేరే పర్వతవ్యాధికి నిఫెడిపిన్ ఇస్తారు. ఆమ్లోడిపిన్ వాడుతున్నట్టు చెప్పకపోతే రెండూ కలిసి బీపీని ప్రమాదకరంగా దించేస్తాయి. బీపీ బాగా పెరిగిందని నిఫెడిపిన్ క్యాప్సూల్ గుచ్చి నాలుక కింద వేయడం మన ఊళ్లలో ఒకప్పుడు బాగా చేసేవారు. అది బీపీని ఎంత లోతుకు తోస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు, పక్షవాతం, గుండెపోటు వచ్చిన సందర్భాలున్నాయి. కొండమీద ఎవరైనా ఆ సలహా ఇస్తే వినకూడదు.

హెలికాప్టర్, విమానంలో కొండెక్కేవారు

నడిచి ఎక్కేవారికి ఒళ్లు సర్దుకునే వ్యవధి దారే ఇస్తుంది. ఢిల్లీ నుంచి గంటంబావులో 3,500 మీటర్ల లేహ్‌లో దిగేవారికి, గుప్తకాశీ, ఫాటాల నుంచి నిమిషాల్లో 3,583 మీటర్ల కేదార్‌నాథ్ చేరేవారికి ఆ వ్యవధి ఉండదు. లేహ్‌లో మొదటి రెండు రోజులూ గదికి, వీధికి మించి కదలకూడదు. ఖార్దుంగ్ లా, పాంగాంగ్ ఆ తర్వాతే. కేదార్‌నాథ్‌కు హెలికాప్టర్‌లో వెళ్లేవారు దర్శనం చేసుకుని అదేరోజు దిగిపోతే ఒంటిపై భారం తక్కువ. గౌరీకుండ్ నుంచి పొద్దున్నే ఉపవాసంతో, బీపీ బిళ్ల కూడా వేసుకోకుండా నడక మొదలుపెట్టే అలవాటు మాత్రం ప్రమాదకరం. ఒక గుక్క నీటితో మింగిన బిళ్ల వల్ల ఉపవాసం చెడదని పెద్దలకు ఇంట్లోనే నచ్చజెప్పి పంపాలి.

దిగాక

కొండ దిగిన కొన్ని రోజుల్లో బీపీ పాత అంకెకు వచ్చేస్తుంది. పైన ఉండగా డాక్టర్ సలహాతో మోతాదు పెంచిన వారు అదే మోతాదును హైదరాబాద్ ఎండల్లో కొనసాగిస్తే పొద్దున్నే లేచినప్పుడు కళ్లు తిరుగుతాయి. ప్రయాణం కోసం కలిపిన ఆమ్లోడిపిన్‌ను ఉంచాలా, తీసేయాలా అన్నది దిగాక వారం రోజులు ఉదయం సాయంత్రం రాసుకున్న అంకెలు చూసి నిర్ణయించాలి. మన ఉదాహరణలోని ఉద్యోగికి ఇంటికొచ్చిన రెండో వారంలో సగటు 122/76 వచ్చింది, చీలమండల వాపు ఇంకా ఉంది. డాక్టర్ ఆమ్లోడిపిన్‌ను సగానికి, అంటే 2.5 మిల్లీగ్రాములకు తగ్గించి, నెల తర్వాత మళ్లీ రమ్మన్నారు.